స్కూలు పంపిన ఉత్తరానికి మా జవాబు

హనుమకొండ,
12 సెప్టెంబర్ 2025

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి, క్లాస్ టీచర్ మేడం గారికి,

నమస్కారం. మా అబ్బాయి తన క్లాసులోని ఒక బాబును జూలై నుంచి ఏడిపిస్తున్నాడని మీరు 9వ తేదీన రాసిన ఉత్తరం బుధవారం అందింది. ఇది ఎవరెవరి చేతికి వెళ్తుందో తెలియదు కాబట్టి ఇద్దరు పిల్లల పేర్లూ రాయడం లేదు. ముఖ్యంగా ఆ బాబు పేరు ఇంకోసారి నలుగురి నోళ్లలో పడకూడదు.

ఉత్తరం చదవగానే 'మావాడు అలాంటివాడు కాదు' అనిపించింది. వెంటనే ఫోన్ చేసి ఉంటే అదే అనేవాళ్లం. అందుకే రెండు రోజులు ఆగి రాస్తున్నాం.

ఆ రాత్రి వాడిని కూర్చోబెట్టి అడిగాం. మొదట 'అందరూ అంటున్నారు, నేనొక్కడినేనా' అన్నాడు. మిగతావాళ్ల సంగతి తర్వాత, నువ్వేం చేశావో చెప్పమన్నాం. చాలాసేపటికి చెప్పాడు. ఆ బాబు పాఠం చదివేటప్పుడు నత్తి వస్తే వెనక బెంచీ నుంచి అలాగే అని చూపించేవాడట. బస్సులో తన పక్క సీటు ఖాళీగా ఉన్నా బ్యాగు పెట్టి కూర్చోనిచ్చేవాడు కాదట. ఆ బాబు ఫోటోతో వాట్సాప్ స్టిక్కర్ చేసి ఫ్రెండ్స్ గ్రూపులో పెట్టింది కూడా వాడే. ఫోన్‌లో మేమే చూశాం. మీరు రాసిన వాటిలో ఈ మూడూ నిజమే.

లంచ్ బాక్స్ దాచిన సంగతి మాత్రం తనకు తెలియదంటున్నాడు. వాడు చెప్పాడు కాబట్టి అది జరగలేదని మేము అనడం లేదు. మీరు విచారించి ఏం తేలిందో చెప్పండి, వింటాం. ఎవరు ఫిర్యాదు చేశారని మాత్రం మేము అడగం, మావాడినీ అడగనివ్వం.

ఒక మాట చెప్పకపోతే ఈ ఉత్తరం నిజాయితీగా ఉండదు. మా దూరపు బంధువు ఒకాయనకు నత్తి ఉంది. ఆయన వచ్చి వెళ్లాక భోజనాల దగ్గర ఆయనలా మాట్లాడి నవ్వించింది నేనే, వాళ్ల నాన్నని. 'నువ్వూ చేస్తావుగా నాన్నా' అని వాడు అన్నప్పుడు నా దగ్గర జవాబు లేకపోయింది. వాడి తప్పును నా మీద వేసుకుని వాడిని తప్పించాలని ఇది రాయడం లేదు. మా ఇంట్లో కూడా మార్చుకోవాల్సింది ఉందని మీకు తెలియాలని రాస్తున్నాను. ఆ పూట కోపంలో చెయ్యెత్తాను కూడా. వాళ్లమ్మ ఆపింది. కొట్టి ఉంటే, బలం ఉన్నవాడిదే పైచేయి అని ఇంకోసారి నేర్పినవాడినయ్యేవాడిని.

ఆ బాబుకు, వాళ్ల అమ్మానాన్నలకు మేము క్షమాపణ చెప్పుకోవాలి. కానీ నేరుగా వాళ్లింటికి వెళ్తే, ఫిర్యాదు వెనక్కి తీసుకోమని ఒత్తిడి చేస్తున్నట్టు ఉంటుందేమోనని ఆగాం. వాళ్లు సరేనంటే మీ సమక్షంలో కలుస్తాం. వద్దంటే మా మాట మీరే చేర్చండి. మావాడి చేత అందరి ముందు 'సారీ' చెప్పించడం మాత్రం వద్దని మా మనవి. అలా చేస్తే క్లాసంతా మళ్లీ ఆ బాబు వైపే చూస్తుంది.

సోమవారం నుంచి మావాడు స్కూలు బస్సు ఎక్కడు. నేనే దింపి తీసుకెళ్తాను. ఆ బాబు మాత్రం తన బస్సూ, తన సీటూ మార్చుకోవాల్సిన అవసరం రాకూడదు. క్లాసులో ఎవరినైనా మార్చాలంటే మావాడినే మార్చండి. స్టిక్కర్ గ్రూపులో 14 మంది ఉన్నారు. మిగతా తల్లిదండ్రులకు మేము ఫోన్ చేయాలా, స్కూలు తరఫున చెప్తారా? మీరు చూసేవరకు ఫోన్‌లో దాన్ని తీసేయలేదు, ఎవరికీ పంపలేదు. ఫోన్ మా దగ్గరే ఉంది.

సీబీఎస్‌ఈ 2015లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం యాంటీ బుల్లీయింగ్ కమిటీ ఈ విషయం చూస్తుందని మీరు రాశారు. కమిటీ తీసుకునే నిర్ణయానికి కట్టుబడతాం. శిక్షతో పాటు మావాడిని కౌన్సెలర్ దగ్గర కూడా కూర్చోబెట్టండి. పాఠం చదవాలంటే ఆ బాబుకు ఎంత టెన్షన్ వచ్చి ఉంటుందో మేము చెప్తే వాడు తలూపుతున్నాడు కానీ, ఇంకా పూర్తిగా అర్థమైనట్టు మాకు అనిపించలేదు.

16వ తేదీ మంగళవారం ఉదయం 10 గంటలకు మేమిద్దరం సెలవు పెట్టి వస్తాం, ఫోన్ తెస్తాం. ఈలోగా మావాడి వల్ల చిన్నదేదైనా జరిగినా అదే రోజు మాకు ఫోన్ చేయండి. ఏ సమయమైనా పరవాలేదు.

ఇట్లు,
8వ తరగతి 'బి' సెక్షన్, రోల్ నంబర్ 23 విద్యార్థి అమ్మానాన్నలు