వంశవృక్ష పటం: ఒక ప్రశ్న, దాని సాధన

ప్రశ్న: చతురస్రం పురుషుడు, వృత్తం స్త్రీ. నలుపు నింపిన గుర్తు ఉంటే లక్షణం ఉన్నట్టు. మొదటి తరంలో ఖాళీ చతురస్రం, ఖాళీ వృత్తం. వారి పిల్లలు రెండో తరంలో వరుసగా: 1 నల్ల చతురస్రం, 2 ఖాళీ వృత్తం, 3 నల్ల చతురస్రం, 4 నల్ల వృత్తం. 4వ వ్యక్తి ఒక ఖాళీ చతురస్రాన్ని పెళ్లి చేసుకుంది. వారికి లక్షణం లేని ఒక కొడుకు, ఒక కూతురు.
(అ) లక్షణం బహిర్గతమా, అంతర్గతమా? (ఆ) లింగ సహలగ్నమా? (ఇ) రెండో తరం 2 వాహకురాలయ్యే సంభావ్యత ఎంత?

సాధన: (అ) తల్లిదండ్రులిద్దరిలో లేనిది పిల్లల్లో వచ్చింది. బహిర్గతమైతే ఆ జన్యువు ఇచ్చినవారిలో కూడా లక్షణం కనిపించాలి. కాబట్టి ఇది అంతర్గతం. ఒక్క ఇంట్లో ఇలా జరిగినా చాలు, పటమంతా వెతకనక్కర్లేదు.

(ఆ) రెండు నల్ల చతురస్రాలు చూడగానే చాలామంది ‘లింగ సహలగ్నం’ అని రాసేస్తారు. తొందరపడకండి, ఇక్కడ నిర్ణయించేది కూతురు, 4వ వ్యక్తి. X మీది అంతర్గత లక్షణం కూతురిలో కనిపించాలంటే రెండు X ల మీదా ఆ జన్యువు ఉండాలి. అందులో ఒక X తండ్రిది. తండ్రికి ఉన్నదే ఒక్క X, అందులో జన్యువు ఉంటే ఆయనలోనూ లక్షణం కనిపించాలి. ఆయన గుర్తు ఖాళీ. ఇంకో ఆధారం ఆమె కొడుకు: X మీదిదైతే లక్షణం ఉన్న తల్లి కొడుకులందరికీ అది తప్పదు. ఆ అబ్బాయికి లేదు. స్త్రీలో కనిపించింది కాబట్టి Y కూడా కాదు. జవాబు: ఆటోజోముల మీది అంతర్గత లక్షణం. తల్లిదండ్రులు ఇద్దరూ Aa.

(ఇ) Aa × Aa నుంచి AA, Aa, Aa, aa. 2వ వ్యక్తిలో లక్షణం లేదు కాబట్టి aa ని ముందే తీసేయాలి. మిగిలిన మూడింట్లో రెండు Aa: 2/3. ఇక్కడ 1/2 అని రాసి మార్కు పోగొట్టుకునేవారు ఎక్కువ.

ఇప్పుడు 4వ గుర్తును కూడా ఖాళీ చేసి, మూడో తరాన్ని తీసేసి చూడండి. తండ్రి ఖాళీ, ఇద్దరు కొడుకులకు లక్షణం, కూతుళ్లిద్దరికీ లేదు. Y కుదరదు, ఆటోజోము, X రెండూ కుదురుతాయి. తల్లిదండ్రులిద్దరూ Aa అనుకుంటే ఇలాంటి పిల్లలు పుట్టే సంభావ్యత (1/4)² × (3/4)² = 9/256. తల్లి X వాహకురాలైతే (1/2)² = 64/256. X వైపు మొగ్గు ఉంది, కానీ రుజువు లేదు. ‘నిర్ణయించగలమా?’ అని అడిగితే ‘లేదు’ అనే రాయాలి, ‘ఏది ఎక్కువ సంభావ్యం?’ అని అడిగితే X అని రాయాలి.