పదో తరగతి ఏ సెక్షన్: ప్రీ ఫైనల్ మార్కుల రీకౌంటింగ్ నివేదిక

గుంటూరు,
ఫిబ్రవరి 24, 2026

గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయులు గారికి,

రోల్ నంబరు 17 విద్యార్థిని తండ్రి శనివారం వచ్చి, రిజిస్టరులోని మార్కులు జవాబు పత్రాలతో సరిపోలడం లేదని చెప్పారు. ఆయన మిర్చి యార్డులో ఒక కమీషన్ దుకాణంలో గుమస్తా. అమ్మాయి ఇంటికి తెచ్చిన పత్రాలను రాత్రి కూర్చుని పెన్సిలుతో కూడి చూసుకున్నారు. ఆయన చెప్పింది నిజమే.

ఆమె ఒక్కరి పత్రాలే చూసి ఊరుకుంటే అన్యాయమని, మీ అనుమతితో 41 మంది పత్రాలనూ సాంఘికశాస్త్రం ఉపాధ్యాయురాలితో కలిసి మళ్లీ కూడాను. ఆమె ప్రశ్నవారీ మార్కులు పైకి చదివారు, నేను పాత మొత్తాలు చూడకుండా వేరే కాగితంపై వేశాను. తర్వాత ఇద్దరం పనులు మార్చుకున్నాం.

రోల్ నంబరు 17, గణితం:
మొదటి విభాగం: 12కు 11
రెండో విభాగం: 2+2+1+2+2+2+2+1 = 14 (16కు)
మూడో విభాగం: 4+4+3+4+4+2+4+3 = 28 (32కు)
నాలుగో విభాగం: 8+8+6+8+7 = 37 (40కి)
మొత్తం 90

మొదటి పేజీపై నాలుగో విభాగానికి 29, మొత్తం 82 అని ఉంది. నాలుగో లెక్క అదనపు పత్రంలో ఉంది. దానికి వేసిన 8 మార్కులు మొదటి పేజీకి ఎక్కలేదు. ఆ పేపరు దిద్దింది నేనే, పొరపాటు పూర్తిగా నాది. ఆ అమ్మాయికీ ఆమె తండ్రికీ క్షమాపణ చెప్పాను.

ఇంగ్లీషులో పత్రంపై 87 ఉంటే రిజిస్టరులో 78 పడింది. తేడా 9. రెండంకెల సంఖ్యలో అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగించబడుతుంది కనుక, ఎక్కించేటప్పుడే తప్పు జరిగి ఉంటుందని ముందే అనుకున్నాం.

సవరించిన మార్కులు: తెలుగు 92, హిందీ 88, ఇంగ్లీషు 87, గణితం 90, సామాన్యశాస్త్రం 91 (భౌతిక 44, జీవ 47), సాంఘికం 89. మొత్తం 537. పాత మొత్తం 520.

537 ÷ 600 × 100 = 89.50 శాతం

రెండో సవరణ చెప్పడం నాకు కష్టంగా ఉంది. రోల్ నంబరు 31 అబ్బాయి సాంఘికం నాలుగో విభాగంలో ఒక ప్రశ్నకు రెండు ప్రత్యామ్నాయాలూ రాశాడు. ఒకదానికి 7, మరొకదానికి 6 వచ్చాయి. రెండూ కలిసిపోయాయి. విభాగం మొత్తం 38 అయి, 40 దాటలేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఎక్కువ వచ్చినదే లెక్కించాలి: 6+6+7+6+7 = 32. సాంఘికం 90 నుంచి 84కు, మొత్తం 541 నుంచి 535కు తగ్గాయి. శాతం 89.17.

గ్రేడు అవధులు పరీక్షకు ముందు నోటీసు బోర్డులో పెట్టినవే: 90, ఆపైన ఏ1, 80 నుంచి 90 లోపు ఏ2, 70 నుంచి 80 లోపు బి1. 17వ నంబరుకు గణితంలో ఏ2 పోయి ఏ1, ఇంగ్లీషులో బి1 పోయి ఏ2 వచ్చాయి. మొత్తం గ్రేడు మాత్రం ఏ2గానే ఉంది. 89.50ని 90గా సవరించి ఏ1 ఇవ్వకూడదా అని తండ్రి అడిగారు. ఆ అడగడంలో తప్పు లేదు. కానీ గ్రేడుకు దశాంశాలను పైకి సవరించబోమని అదే నోటీసులో రాశాం. 22వ నంబరుకూ సరిగ్గా 537 మార్కులే ఉన్నాయి, ఏ2 ఇచ్చాం. 31వ నంబరు సాంఘికంలోనూ, మొత్తంలోనూ ఏ1 నుంచి ఏ2కు వచ్చాడు.

| రోల్ నంబరు | మొత్తం | శాతం | పాత ర్యాంకు | కొత్త ర్యాంకు |
|---|---|---|---|---|
| 8 | 556 | 92.67 | 1 | 1 |
| 17 | 537 | 89.50 | 6 | 2 |
| 22 | 537 | 89.50 | 3 | 2 |
| 31 | 535 | 89.17 | 2 | 4 |
| 4 | 531 | 88.50 | 4 | 5 |
| 40 | 524 | 87.33 | 5 | 6 |

సమాన మార్కులకు ఒకే ర్యాంకు ఇచ్చాం కనుక మూడో ర్యాంకు లేదు. ఏడు నుంచి కింద మార్పు లేదు.

పాత రిజిస్టరులో అడ్డం మొత్తాలు, నిలువు మొత్తాలు సరిగ్గా కలిశాయి. తప్పు అంకె ఒకసారి ఎక్కాక రెండు వైపులా అదే కూడిక అవుతుంది కాబట్టి ఆ సరిచూపు దీన్ని పట్టుకోలేదు. పత్రాలు తెరిస్తేనే బయటపడింది. ఇప్పుడు ఇంగ్లీషు నిలువు మొత్తం 9, గణితం 8 పెరిగి, సాంఘికం 6 తగ్గాయి. నికరం 11. అడ్డంగా 17వ నంబరుకు 17 పెరిగి, 31వ నంబరుకు 6 తగ్గాయి. అదీ 11. తరగతి మొత్తం 17,892 నుంచి 17,903 అయింది.

పాత అంకెలను చెరపకుండా ఎర్ర సిరాతో ఒక గీత కొట్టి, కొత్తవి పక్కన అక్షరాల్లో కూడా రాశాం. ఇద్దరం సంతకాలు చేశాం. మీ సంతకం కాగానే ప్రోగ్రెస్ కార్డులు మారుస్తాం. ర్యాంకుల జాబితా బోర్డుపై పెట్టేలోపే 31వ నంబరు తల్లిదండ్రులను పిలిపించి, జవాబు పత్రం వారి చేతికిచ్చి నేనే వివరిస్తాను. అందుకు బుధవారం మధ్యాహ్నం ఒక పీరియడు సర్దుబాటు చేయగోరుతున్నాను.

ఇట్లు,
తరగతి ఉపాధ్యాయుడు, పదో తరగతి ఏ సెక్షన్