మూడు తలుపుల వార్డ్‌రోబ్: షీటు ఫోటోలు, కింద నా రాత

తమ్ముడూ, రేపు మియాపూర్ ఫ్లాట్‌లో బిగించాల్సింది ఈ మోడలే. దీని పెట్టెలో వచ్చే బిగింపు షీటుకి పోయినసారి సైట్లో తీసిన ఫోటోలు వరసగా పెడుతున్నా. దాంట్లో అక్షరాలు తక్కువ, పనంతా బొమ్మల్లోనే ఉంది. అచ్చులో ఉన్న మాటల్ని కొటేషన్లో పెట్టాను, మిగతాది నాది. ముందు బొమ్మ చూడు, తర్వాత చదువు.

ఫోటో 1

"2 మంది. 2 గంటలు."
"ఎత్తు 2000, వెడల్పు 1200, లోతు 525 మి.మీ."
"చేత్తోనే బిగించాలి."

ఒక్కడే ఉన్న బొమ్మ మీద ఇంటూ, ఇద్దరున్న దానికి టిక్కు. కాబట్టి హెల్పర్ రాకుండా పెట్టె విప్పకు. డ్రిల్లు మీద కూడా ఇంటూ ఉంది. ఇది పొట్టు బోర్డు, టేకు కాదు. మిషన్‌తో స్క్రూ వేస్తే చివర్లో ఒక్క చుట్టు ఎక్కువ తిరిగినా రంధ్రం గుల్లైపోతుంది, మళ్లీ పట్టదు. పలకల కింద పరిచిన దుప్పటి గీశాడు చూడు, అది మన బండిలోదే తీసుకెళ్లు. మేడమ్‌గారిని అడగొద్దు.

ఫోటో 2

"1: 18×. 2: 18×. 3: 18×. 4ఎ: 8×. 4బి: 4×. 5: 48×. 6: 12×. 7: 45×. 8: 2×."
"1:1"

1 చెక్క డోవెల్, 2 క్యామ్ బోల్టు, 3 క్యామ్, 4 హింజ్, 5 హింజ్ స్క్రూ, 6 అరల పిన్ను, 7 వెనక రేకుకి మేకు, 8 గోడ పట్టీ. సంచులు విప్పగానే లెక్కపెట్టు, సగంలో కాదు. "1:1" అంటే స్క్రూ అసలు సైజులోనే గీశాడని. స్క్రూని బొమ్మ మీద పెడితే సరిపోవాలి. అది కాగితం మీదే పనికొస్తుంది, ఫోన్లో కాదు. అక్కడ పెట్టెలో ఉన్న షీటు తీసి దాని మీద పెట్టి చూసుకో.

ఫోటో 3

"మెడ వరకు."

బోల్టు రెండుసార్లు గీశాడు. ఒకదాంట్లో బోల్టు మెడ పలకకి సమంగా కూర్చుంది, టిక్కు. రెండోదాంట్లో మర కొంచెం పైకి కనబడుతోంది, ఇంటూ. ఆ కొంచెం పైకి ఉంటే అవతలి పలకలో క్యామ్‌కి బోల్టు తల అందదు. లోపలికి మరీ దిగినా అంతే.

ఫోటో 4

"బాణం అంచుకి. తర్వాత ½."

మొత్తం షీటులో ముఖ్యమైన బొమ్మ ఇదే, అగ్గిపెట్టంత గీశాడు. క్యామ్ మీద చిన్న బాణం గుర్తు ఉంటుంది. క్యామ్‌ని రంధ్రంలో వేసేటప్పుడే ఆ బాణం బోల్టు వచ్చే అంచు వైపు ఉండాలి, అప్పుడే బోల్టు తల లోపలికి దూరుతుంది. పలకలు అతికాక ప్లస్ స్క్రూడ్రైవర్‌తో గడియారం తిరిగే వైపు సగం చుట్టు. తిప్పుతుంటే బరువెక్కి, టక్కున ఆగుతుంది. ఎక్కడా ఆగకుండా ఖాళీగా తిరుగుతోందంటే బోల్టు తల అందలేదు. అలాగే వదిలి ముందుకెళ్లావంటే నిలబెట్టినప్పుడు ఆ మూల తెరుచుకుంటుంది.

ఫోటో 5

"ముందు వదులుగా."

ఎడమ పక్క ఎ, కుడి పక్క బి, మధ్య నిలువు పలక సి, పై పలక డి, అడుగు పలక ఇ, కాలి పట్టీ ఎఫ్. స్థిరంగా ఉండే అర జి, అది కుడి చిన్న గదిలోకి. ప్రతి పలకకీ ఒక అంచున లావు నల్ల గీత ఉంది చూశావా? దాని గురించి షీటులో ఒక్క మాట లేదు. పట్టీ అతికించిన అంచు అది, ముందుకి రావాల్సింది. గీత లేని అంచు వెనక్కి. సి పలక రెండు వైపులా ఒకేలా ఉన్నట్టుంటుంది, ఈ గీత చూడకపోతే తిరగేసి పెట్టేస్తావు. హింజ్ రంధ్రాలు వెనక్కి పోతాయి, అంతా విప్పాల్సిందే.

క్యామ్‌లన్నీ సగం సగం బిగించి, చట్రం మొత్తం కుదిరాక చివరగా గట్టి చెయ్యి.

ఫోటో 6

"ఎక్స్ = వై"

చట్రాన్ని ముందు వైపు నేలకి బోర్లించి, మూల నుంచి మూలకి టేపు పట్టిన బొమ్మ. రెండు కొలతలూ ఒకటైతేనే రేకు కొట్టు. తేడా ఉంటే ఎక్కువ కొలత వచ్చిన మూలల్లో ఒకదాన్ని చేత్తో లోపలికి నెట్టు, మళ్లీ కొలువు. ఈ రేకు మూడు మి.మీ.లే, ఆ వార్డ్‌రోబ్‌ని పక్కకి వాలకుండా ఆపేది మాత్రం అదే. మేకుల మధ్య 200 మి.మీ., సి పలక మీద కూడా ఒక వరస.

ఫోటో 7

"ఎత్తు ≥ 2080"

వంపు బాణం, ఇద్దరు మనుషులు. పడుకోబెట్టి బిగించిన దాన్ని లేపేటప్పుడు మూల దాదాపు 2068 మి.మీ. ఎత్తు దాకా వెళ్తుంది, నిలబడ్డాక 2000. ఆ బెడ్‌రూంలో సజ్జ ఏడడుగుల మీద ఉంది, అంటే 2134. సజ్జ కింద లేపినా తగలకూడదు గానీ, గది మధ్యలో లేపి లోపలికి నెట్టడమే మేలు. ఫ్యాన్ ఆపించు.

ఫోటో 8

"గోడకి తప్పనిసరి."

మూడు బొమ్మలు: తలుపు పట్టుకుని ఎక్కుతున్న పిల్లాడు, మీద పడుతున్న వార్డ్‌రోబ్, పైన ఇంటూ. ఆ ఇంట్లో చిన్నపిల్లలున్నారు. 2016లో అమెరికాలో పిల్లల మీద పడుతున్నాయని 2.9 కోట్ల సొరుగుల బీరువాలను వెనక్కి పిలిచారు. అందుకే మేడమ్‌గారు "గోడకి చిల్లులెందుకు" అన్నా పట్టీ వెయ్యకుండా రాకు, నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడతా.

ఇక్కడ మాత్రం డ్రిల్లు కావాలి. 8 మి.మీ. బిట్టు, ప్లగ్గు ఇటుకలోకి దిగాలి. పైన ప్లాస్టర్లోనే ఆగితే ఒక్క గుంజుకి ఊడొస్తుంది. స్విచ్‌బోర్డుకి సూటిగా పైన గానీ కింద గానీ చిల్లు వెయ్యకు, వైరు పైపు అక్కడే పోతుంది. స్కర్టింగ్ టైలు వల్ల వెనక కాస్త ఖాళీ మిగులుతుంది, పట్టీ అంత దూరం అందేట్టు సరిచేసుకో.

ఫోటో 9

"4ఎ ≠ 4బి"

మడత పడి 4బిలో బి సరిగ్గా కనబడదు. హింజ్‌లు రెండూ ఒకేలా ఉంటాయి, గుండ్రంలో పెద్దది చేసి చూపించింది మెడ వంపు. వంపు లేనివి ఎనిమిది, అవి ఎ, బి పక్క పలకలకి. వంపు ఉన్నవి నాలుగు, మధ్య తలుపుకి, సి పలక మీద. ఆ 16 మి.మీ. అంచుని రెండు తలుపులూ సగం సగం పంచుకోవాలి. తారుమారైతే మధ్య తలుపూ మూడో తలుపూ ఒకదాన్నొకటి రాసుకుంటాయి.

ఫోటో 10

"↔ ↕ ⤢"

ముందు రసమట్టం పెట్టి అడుగు సరిచెయ్యి, ఆ తర్వాతే హింజ్. తలుపు వైపు స్క్రూ పక్కలకి జరుపుతుంది, వెనకది లోపలికీ బయటికీ, ప్లేటు స్క్రూలు కిందకీ పైకీ. నాలుగు హింజ్‌లకీ కొంచెం కొంచెం.

అరలు, బట్టల కడ్డీ: ఫోటో 11. చెప్పేదేం లేదు.

ఫోటో 12

"?"

ఫోన్ పట్టుకున్న మనిషి. ఏదైనా తక్కువ పడితే సంచి మీది నంబరు ఫోటో తీసి నాకు పంపు. కింద హార్డ్‌వేర్ షాపులో స్క్రూలు కొనెయ్యకు. ఈ హింజ్‌కి 15 మి.మీ. స్క్రూ, వాళ్ల దగ్గర 20 ఉంటుంది. 16 మి.మీ. తలుపులో దాన్ని దించావంటే మొన ముందు వైపు లామినేట్ చీల్చుకుని బయటికొస్తుంది.