కండర సంకోచం: ప్రశ్నలు, నమూనా జవాబులు, మార్కులు పోయే చోట్లు

శరీరధర్మశాస్త్రం, మొదటి సంవత్సరం. మొత్తం 30 మార్కులు, సమయం 45 నిమిషాలు. ముందు ప్రశ్న మాత్రమే చదివి, జవాబు కాగితం మీద రాసి, ఆ తర్వాతే కింద చూడండి. చదివితే అర్థమైనట్టే ఉంటుంది. రాస్తే ఎక్కడ ఆగిపోతున్నారో తెలుస్తుంది.

ప్రశ్న 1 (6 మార్కులు). ఒక సార్కోమియర్ పొడవు 2.4 మైక్రోమీటర్లు. మయోసిన్ తంతువు పొడవు 1.6, ఒక్కో ఆక్టిన్ తంతువు పొడవు 1.0 మైక్రోమీటరు. సంకోచించాక సార్కోమియర్ 2.0 మైక్రోమీటర్లయింది. ఏ-పట్టీ, ఐ-పట్టీ, హెచ్-మండలం ముందెంత, తర్వాతెంత? జెడ్-గీత మందాన్ని వదిలేయండి. 3 సెంటీమీటర్ల కండర తంతువు ఇలా సంకోచిస్తే ఎంత పొట్టిదవుతుంది?

జవాబు. ఏ-పట్టీ అంటే మయోసిన్ పొడవే. కాబట్టి ముందూ 1.6, తర్వాతా 1.6. సార్కోమియర్ పొడవులోంచి ఏ-పట్టీ తీసేస్తే మిగిలేది ఐ-పట్టీ: ముందు 0.8, తర్వాత 0.4. ఇది రెండు చివర్లలోని సగాల మొత్తం. హెచ్-మండలం రెండు ఆక్టిన్ల కొనల మధ్య ఖాళీ: ముందు 2.4 − 2.0 = 0.4, తర్వాత సున్నా.

3 సెంటీమీటర్లంటే 30,000 మైక్రోమీటర్లు. దాన్ని 2.4తో భాగిస్తే వరసగా 12,500 సార్కోమియర్లు. ఒక్కోటి 0.4 తగ్గితే మొత్తం 5,000 మైక్రోమీటర్లు, అంటే 5 మిల్లీమీటర్లు.

ఈ లెక్కలో ఏ తంతువు పొడవూ మారలేదని గమనించండి. 1954లో ఆండ్రూ హక్స్‌లీ, నీడర్‌గెర్కే ఒక జట్టుగా, హ్యూ హక్స్‌లీ, జీన్ హాన్సన్ మరో జట్టుగా చూపించింది ఇదే: ఏ-పట్టీ మారదు, ఐ-పట్టీ తగ్గుతుంది. "తంతువులు కుంచించుకుపోతాయి" అని రాస్తే మిగతా జవాబు ఎంత బాగున్నా సిద్ధాంతాన్నే తలకిందులు చేసినట్టు.

ప్రశ్న 2 (8 మార్కులు). అడ్డువంతెన చక్రాన్ని దశలవారీగా రాయండి. ఏటీపీ పూర్తిగా అయిపోతే చక్రం ఎక్కడ ఆగుతుంది?

జవాబు. మయోసిన్ తల ఆక్టిన్‌ను గట్టిగా పట్టుకుని, తలలో ఏటీపీ గానీ ఏడీపీ గానీ లేని స్థితి నుంచి మొదలుపెడితే తికమక ఉండదు.

1. ఏటీపీ వచ్చి మయోసిన్ తలకు అతుక్కుంటుంది. పట్టు సడలి తల ఆక్టిన్ నుంచి విడిపోతుంది.
2. తలలోని ఏటీపీయేజ్ ఏటీపీని ఏడీపీ, ఫాస్ఫేట్‌గా విడగొడుతుంది. ఆ శక్తితో తల వెనక్కి లేచి, బిగించిన స్ప్రింగులా నిలుస్తుంది. రెండు ముక్కలూ ఇంకా తలలోనే ఉంటాయి.
3. ఆక్టిన్ మీది చోటు తెరిచి ఉంటే తల కొత్త చోట, ముందు బలహీనంగా, అతుక్కుంటుంది.
4. ఫాస్ఫేట్ బయటికి పోతుంది. పట్టు గట్టిపడి తల వంగుతుంది, ఆక్టిన్‌ను సార్కోమియర్ మధ్యకు లాగుతుంది. ఇదే బలఘాతం, ఒక్కసారికి జరిగేది సుమారు 10 నానోమీటర్లు.
5. ఏడీపీ వెళ్లిపోతుంది. తల పట్టుకునే ఉంటుంది, మళ్లీ ఏటీపీ కోసం.

ఏటీపీ లేకపోతే చక్రం 5వ దశ చివర, అంటే పట్టుకున్న స్థితిలోనే, ఆగుతుంది. మరణం తర్వాత దేహం బిగుసుకోవడానికి కారణం ఇదే. కాల్షియాన్ని వెనక్కి తోడే పంపులు ఆగి అది లోపలికి కారుతుంది, తలలు అతుక్కుంటాయి, విడదీయడానికి ఏటీపీ ఉండదు. ప్రోటీన్లు విచ్ఛిన్నం కావడం మొదలయ్యాకే బిగువు వదులుతుంది.

ఎక్కువమంది తప్పు రాసేది 1, 4 దశల దగ్గరే. "ఏటీపీ విచ్ఛిన్నమవగానే తల లాగుతుంది" అని రాస్తారు. విచ్ఛిన్నం తలను బిగిస్తుంది, ఫాస్ఫేట్ వెళ్లినప్పుడే లాగుడు. విడిపోవడానికి ఏటీపీ అతుక్కుంటే చాలు, విచ్ఛిన్నం అక్కర్లేదు. ఈ రెండు వాక్యాలకే 3 మార్కులు.

ప్రశ్న 3 (7 మార్కులు). క్రియాశక్మం టీ-నాళికలోకి దిగినప్పటి నుంచి కండరం సడలేదాకా కాల్షియం ప్రయాణాన్ని వివరించండి.

జవాబు. విశ్రాంతిలో కణద్రవంలో కాల్షియం సుమారు 0.1 మైక్రోమోలార్. టీ-నాళిక పొరలోని డైహైడ్రోపిరిడీన్ గ్రాహకం విద్యుత్ మార్పును గుర్తించి ఆకారం మార్చుకుంటుంది. దాన్ని ఆనుకుని సార్కోప్లాస్మిక్ రెటిక్యులమ్ మీదున్న రయనోడిన్ గ్రాహకం ఆ తోపుతోనే తెరుచుకుంటుంది. నిల్వలోని కాల్షియం బయటికి దూకి, గాఢత పదింతలో అంతకన్నా ఎక్కువో పెరుగుతుంది.

కాల్షియం ట్రోపోనిన్-సీకి అతుక్కుంటుంది; వేగ కండరంలో ఒక్కోదానికి నాలుగు అయాన్లు. ట్రోపోనిన్-ఐ ఆక్టిన్‌ను వదులుతుంది. ఏడు ఆక్టిన్ అణువుల మీద పరుచుకున్న ట్రోపోమయోసిన్ పక్కకు జరిగి, మయోసిన్ అతుక్కునే చోట్లు తెరుచుకుంటాయి. సంకేతం ఆగాక సెర్కా పంపు ఒక్కో ఏటీపీకి రెండు కాల్షియం అయాన్లను లోపలికి తోడేస్తుంది. అంటే సడలడానికీ ఏటీపీ ఖర్చే. దీన్ని రాయని జవాబుకు ఒక మార్కు తగ్గించాలి.

రయనోడిన్ గ్రాహకంలో జన్యులోపం ఉన్నవారిలో హాలోథేన్ వంటి మత్తువాయువులు, సక్సినైల్‌కోలిన్ ఆ ద్వారాన్ని అదుపు లేకుండా తెరవగలవు. కండరాలు బిగుసుకుంటాయి, పంపులూ అడ్డువంతెనలూ ఏటీపీని కరిగిస్తూ ఒళ్లు మండిపోయేంత వేడి పుడుతుంది. డాంట్రోలీన్ ఆ విడుదలను అణచి ప్రాణం కాపాడుతుంది. ఒక్క ద్వారం ఎంత కీలకమో చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు.

ప్రశ్న 4 (3 మార్కులు). "రక్తంలో కాల్షియం తగ్గితే కండరాలు సంకోచించలేక నీరసిస్తాయి." ఒప్పా, తప్పా?

జవాబు. తప్పు. అస్థి కండరం వాడుకునేది సొంత నిల్వ. బయట కాల్షియం తగ్గితే నాడీ పొరల్లోని సోడియం మార్గాలు తేలిగ్గా తెరుచుకుంటాయి. నాడులు వాటంతటవే ఉద్రేకపడి చేతివేళ్లు వంకర్లు పోయే టెటనీ వస్తుంది.

ప్రశ్న 5 (6 మార్కులు). ఒక పాత్రలో అస్థి కండరపు ముక్క, మరో పాత్రలో ధమని గోడలోని నునుపు కండరపు ముక్క ఉన్నాయి. రెండు ద్రావణాల్లోంచీ కాల్షియం తీసేశారు. అస్థి కండరాన్ని నేరుగా విద్యుత్తుతో, నునుపు కండరాన్ని అధిక పొటాషియంతో ప్రేరేపించారు. ఏమవుతుంది, ఎందుకు?

జవాబు. అస్థి కండరం కొంతసేపు సంకోచిస్తూనే ఉంటుంది. నునుపు కండరపు స్పందన త్వరలోనే పడిపోతుంది, ఎందుకంటే పొటాషియం తెరిచే ఎల్-రకం మార్గాల గుండా కాల్షియం బయటి నుంచే రావాలి. దానికి రెటిక్యులమ్ ఉంది గానీ తక్కువ, టీ-నాళికలు లేవు.

లోపలికొచ్చిన కాల్షియం చేసే పనీ వేరే. నునుపు కండరంలో ట్రోపోనిన్ లేదు. కాల్షియం కాల్‌మాడ్యులిన్‌తో కలిసి మయోసిన్ లైట్ చెయిన్ కైనేజ్‌ను మేల్కొలుపుతుంది. అది మయోసిన్‌కే ఫాస్ఫేట్ తగిలిస్తుంది. అస్థి కండరంలో తాళం ఆక్టిన్ మీద, ఇక్కడ మయోసిన్ మీద. సడలాలంటే కాల్షియం తగ్గడంతోపాటు మయోసిన్ ఫాస్ఫటేజ్ ఆ ఫాస్ఫేట్‌ను తీసేయాలి. అందుకే మొదలవడమూ ఆగడమూ నెమ్మది. ఫాస్ఫేట్ పోయాక కూడా కొన్ని తలలు పట్టు వదలకుండా ఉండిపోతాయి. రక్తనాళం గంటల తరబడి తక్కువ ఏటీపీతో బిగువు నిలుపుకోగలిగేది ఇందువల్లే.

సార్కోమియర్లు లేవు, జెడ్-గీతల పని సాంద్ర కణికలు చేస్తాయి, చారలు కనిపించవు అని రాస్తే ఒక మార్కు. అయితే "తంతువులు జారవు" అని మాత్రం రాయకండి. ఇక్కడా జారుడే.

ఒక చిక్కు: ప్రశ్నలో "నేరుగా" అన్న మాట చూడకుండా నాడి ద్వారా ప్రేరేపించినట్టు రాస్తే జవాబు మారిపోతుంది. నాడి కొన నుంచి అసిటైల్‌కోలిన్ విడుదల కావాలంటే బయటి కాల్షియం కావాలి, కాబట్టి అప్పుడు అస్థి కండరమూ కదలదు. కారణంతో సహా అలా రాసినవారికి, ప్రశ్నను సరిగా చదవకపోయినా, సగం మార్కులివ్వండి.