రమణమ్మత్తకు అక్షరాల పాఠం

(చిన్నా, నేను ఆదివారం తప్ప రాలేను కాబట్టి మిగతా రోజుల్లో ఇది మీ అవ్వకు నువ్వే చదివి వినిపించు. అక్షరాలన్నీ పలక మీద పెద్దగా రాయి. అవ్వ తడుముకుంటుంటే నువ్వు ముందే చెప్పేయొద్దు. నవ్వావంటే మాత్రం నాకు తెలిసిపోతుంది.)

అత్తా, ముందు అద్దాలు పెట్టుకో. సూదిలో దారం ఎక్కించడానికి పెట్టుకుంటావే, అవే. అవి లేకుండా కూర్చుంటే అక్షరం అలుక్కుపోయినట్టు కనిపిస్తుంది, నువ్వేమో నాకు చదువు రాదులే అంటావు.

అ ఆ ఇ ఈ దగ్గర మొదలుపెట్టడం లేదు. ఆ యాభయ్యారూ వరసగా బట్టీ పట్టడం బడి పిల్లల పని. నీకు మాటలన్నీ వచ్చు. ఆ మాటలు కాగితం మీద ఎలా ఉంటాయో చూడటమే మిగిలింది. అందుకే నీకు పనికొచ్చే అక్షరాలు ముందు నేర్చుకుందాం. ఙ, ఞ లాంటివి ఎప్పుడైనా చూసుకోవచ్చు, తొందరేం లేదు.

సున్నాతో మొదలు

నోట్ల మీద అంకెలు నీకు తెలుసు. వందలో రెండు సున్నాలుంటాయి. ఆ సున్నా ఒకటి వెయ్యి. పలక మీద చెయ్యి తిరగకపోతే వాకిట్లో ముగ్గుపిండితో వెయ్యి. మెలికల ముగ్గు వేసే చేతికి తెలుగు అక్షరం కష్టం కాదు.

0

ఇప్పుడు దాని నెత్తిన చిన్న టిక్కు లాంటి గీత పెట్టు. దీన్ని తలకట్టు అంటారు.

ర

ఇది ర. రమణమ్మలో మొదట పలికేది ఇదే. అయిదుసార్లు రాయి, రాసేటప్పుడు ప్రతిసారీ పైకి పలుకు.

సున్నాను కింద తెరిచి, తలకట్టు అలాగే ఉంచు.

గ

గంపలో గ, గడపలో గ. తలకట్టు లేని సున్నా పక్కన వస్తే అది కూడా అక్షరమే.

గం గ గంగ
రం గ రంగ
గ రం గరం

ఈ సున్నాను ఎలా పలకాలా అని టెన్షన్ పడకు. గంగలో ఒకలా, కంపలో ఇంకోలా పలుకుతుంది. మాట తెలిస్తే నాలుక దానంతట అదే తిరుగుతుంది. నీ నాలుకకు అది యాభై ఏళ్ల కిందటే వచ్చు.

మసాలా పొట్లం తెచ్చి, దాని మీద తెలుగులో రాసి ఉంటే గరం ఎక్కడుందో వేలు పెట్టి చూపించు. ఈ రోజుకు ఇంతే.

బస్సు బోర్డు

క డ ప

ఈ మూడింటికీ తలకట్టు ఉంది. రాసిన అక్షరం మీదే వేలు పెట్టి దిద్దు, తర్వాత పక్కన నీ అంతట నువ్వు రాయి. ప దగ్గర ఒకటి గమనించు. దాని తలకట్టు అక్షరానికి అంటుకోదు, పైన విడిగా ఉంటుంది.

కడప గడప పడక పడగ
గంప కంప పరక పగ

నిదానంగా చదువు. ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి, క... డ... ప... అని ముందు విడిగా, తర్వాత కలిపి అను. చెవికి మాట తగిలిందా? అదే చదవడమంటే.

ఇప్పుడు ఇంకో అక్షరం.

వ

ఇది ప లాగే ఉంటుంది కానీ తలకట్టు అంటుకుని ఉంటుంది. ఈ మూడూ చదువు:

కడవ గడప కడప

మొదటిదాన్ని కడప అన్నావు కదూ? మాటలు బాగా వచ్చినవాళ్లకు వచ్చే ఇబ్బంది ఇదే. రెండక్షరాలు చూడగానే మాట నోట్లోకి వచ్చేస్తుంది, మూడోదాన్ని కళ్లు చూడవు. చిన్న పిల్లలకు ఈ బాధ తక్కువ, వాళ్లకు మాటలే తక్కువ కాబట్టి. దీనికి మందు ఒకటే. చివరి అక్షరాన్ని వేలితో మూసిపెట్టు. ముందువి చదివాక వేలు తియ్యి. అక్కడ ఏముందో అదే చదువు, ఏముండాలో అది కాదు.

(చిన్నా, ఇవి రోజుకో వరసలో రాసివ్వు: కడవ, పడవ, కడప, గడప, వడ. అవ్వ ఊహించి చెప్తే ఒప్పుకోవద్దు, సరిగ్గా చెప్పినా సరే. ఏ అక్షరం చూసి చెప్పిందో చూపించమను.)

బస్టాండుకు పోయినప్పుడు ఎవరినీ అడగొద్దు. బోర్డు మీద కడప ఉందో లేదో చూసుకో. పక్కన పొద్దుటూరు, రాయచోటి, పులివెందుల బోర్డులు కూడా ఉంటాయి. వాటిని ఇప్పుడు చదవలేవు, పర్వాలేదు. అవి కడప కావని తెలిస్తే చాలు.

నీ పేరు

బ్యాంకులో ఇంక్ ప్యాడ్ ముందుకు తోస్తే నీకు ఎంత చిన్నతనంగా ఉంటుందో నేను పక్కనే ఉండి చూశాను. ఈ వయసులో నాకెందుకు అంటావు. సారా ఉద్యమం నీకు గుర్తుండాలి. తొంభైల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో సారా అంగడి మూయించినవాళ్లు రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే. పగలంతా కూలికి పోయి రాత్రి పలక పట్టినవాళ్లు. నీకంటే తీరిక ఉన్నవాళ్లేం కాదు.

వ రాసి, కుడి పక్కన కొమ్ములా పైకి లాగు.

మ

మ గ మగ మం గ మంగ మ డ మ మడమ

తర్వాతది కాస్త మెలికలు ఎక్కువ. దీనికి తలకట్టు లేదు.

ణ

దీన్ని ముగ్గుపిండితోనే వెయ్యి, పెద్దగా, నాలుగైదుసార్లు. పలక మీద మొదట సరిగ్గా రాదు.

ర మ ణ రమణ

ఇక చివరి 'మ్మ'. నోటితో అని చూడు, పెదాలు రెండూ గట్టిగా అదుముకుంటాయి. అలా గట్టిగా పలికినప్పుడు రెండో మ కిందికి దిగుతుంది, చిన్నదై, తలకట్టు లేకుండా. దాన్ని ఒత్తు అంటారు.

ర మ ణ మ్మ
రమణమ్మ

గంగమ్మ, రంగమ్మ, మంగమ్మ కూడా ఇప్పుడు నీకు వచ్చినట్టే. రాసి చూడు.

సంతకం రోజూ ఒకేలా రావాలి. అందంగా ఉండాలని పట్టుపట్టకు, అక్షరాలు మాత్రం విడివిడిగా ఉండనీ. ఇంట్లో పెన్నుతో పాత క్యాలెండర్ల వెనక రాయి, ఎందుకంటే బ్యాంకులో ఇచ్చేది పెన్నే.

సాగదీసి పలికితే

ఇంకొక అక్షరం: ల. దీనికీ తలకట్టు లేదు. వల, కల, పలక, కలప.

మాటను సాగదీసి పలికితే, తలకట్టు ఉంటే అది పోయి, ఆ చోట దీర్ఘం వస్తుంది.

క కా ప పా మ మా వ వా ల లా

పాప మామ కాకర పావలా కారం పాలకంకర

ఆఖరిది మాట కాదు, నేనే కల్పించాను. ఊహించి చెప్తున్నావా, చూసి చదువుతున్నావా తెలుసుకోవడానికి.

ఇవి మాత్రం నిజం మాటలే. ఎవరూ సాయం చేయకుండా చదువు:

రమణమ్మా, వడ కావాలా?
కారం వడ కావాలా?
రంగ మామా, గంప కావాలా?

వచ్చే ఆదివారానికి పది రూపాయల నోటు ఒకటి పక్కన పెట్టు. వెనక వైపు సన్నటి అక్షరాల వరసలున్నాయి, ఒక్కోటి ఒక్కో భాష. కింది నుంచి రెండోది మనది. అందులో నీకు తెలిసిన ర, ప, ల ఎక్కడున్నాయో వెతికి పెట్టు. ర పక్కన, ల పక్కన కొత్త గుర్తులేవో కనిపిస్తాయి. నేను వచ్చాక వాటితోనే మొదలుపెడదాం.