విషయం: థీసిస్ అనుబంధం 2లో బ్రాకెట్లు ఎందుకు ఉంచానంటే

మేడం, నమస్తే.

మీ కామెంట్లు చూశాను. మిగతావన్నీ దిద్దేశాను గానీ అనుబంధం 2లో బ్రాకెట్లు, ప్రశ్న గుర్తులు తీసేసి శుభ్రంగా పెట్టమన్నారు కదా, అదొక్కటి ఆపాను. చూడ్డానికి గజిబిజిగా ఉందన్న మాట నిజమే, కానీ తీసేస్తే నాలుగో అధ్యాయానికే ఇబ్బంది.

ఆ అనుబంధంలో ఎత్తి రాసినవి 1996లో పోచంపల్లి చుట్టుపక్కల చేనేత ఇళ్లలో నింపిన ఇంటర్వ్యూ ఫారాలు, నా దగ్గరున్నవి వాటి జిరాక్సులే. అసలు ఫారాలు లేవు. అవి కూడా నేతవాళ్లు రాసినవి కావు, వాళ్లు చెబుతుంటే ఇద్దరు సర్వేయర్లు గబగబా రాసుకున్నవి. కాగితం మడత సరిగ్గా కూలీ గడి మీదుగా పోయింది. పైగా ఒక సర్వేయరు ఏడుకి అడ్డగీత పెడతాడు, రెండో ఆయన పెట్టడు, ఆయన ఒకటికేమో పైన చిన్న ముక్కు పెడతాడు. అందుకే 23వ ఫారంలో ఆసు కూలి 11 రూపాయలా, 17 రూపాయలా అన్నది నేను తేల్చలేను. 1[1/7] అని రాసింది అందుకే. నాలుగో అధ్యాయం పట్టికలో కూడా ఆ ఇంటికి రెండు అంకెలూ ఇచ్చాను. సగటు రెండు రకాలుగానూ వేసి చూశాను, పెద్ద తేడా రాలేదు, ఆ మాట పట్టిక కింద రాశాను.

కూలి సంగతి చిన్నది. అసలు టెన్షన్ 41వ ఫారంతో. "ఇంట్లో ఆసు ఎవరు పోస్తారు?" అన్న ప్రశ్నకి జవాబు "క" మీద ఏదో గుణింతంతో మొదలై మడతలో కలిసిపోయింది. "కోడలు" కావచ్చు, "కూతురు" కావచ్చు. చేత్తో ఆసు పోయడం ఎంత చాకిరీనో మీకు చెప్పక్కర్లేదు, నూలుని మేకుల చుట్టూ తిప్పుతూ ఒక్క చీరకే చేయి వేల సార్లు అటూ ఇటూ ఆడాలి, 1999లో మల్లేశం గారి ఆసు యంత్రం తయారయ్యేదాకా అదంతా ఇంటి ఆడవాళ్ల భుజాల మీదే పడేది. ఆ పని ఎక్కువగా కోడళ్ల మీద పడిందన్నది నా వాదన. అలాంటప్పుడు ఆ చెరిగిన మాటని నేనే "కోడలు" అని నింపేసి, తర్వాత దాన్నే నా వాదనకి సాక్ష్యంగా లెక్కేసుకుంటే ఇంకేముంది? బ్రాకెట్ ఉంటే చదివేవాళ్లకి ఆ ఇల్లు నా లెక్కలో లేదని తెలుస్తుంది.

అక్కడివాళ్లు కూతుర్ని "బిడ్డ" అనే అంటారు కదా, కాబట్టి అది "కోడలే" అయ్యుంటుంది అని మీరు అనొచ్చు. నాకూ అదే తట్టింది. కానీ ఆ సర్వేయరు మిగతా ఫారాల్లో "బిడ్డ" అని ఒక్కచోటా రాయలేదు, అన్నీ పుస్తకాల తెలుగులోకి మార్చి "కుమార్తె", "కూతురు" అనే రాశాడు. అందుకని ఆ ఆధారం నిలబడదు.

అలాగని కనబడిన ప్రతి మరకకీ బ్రాకెట్ పెట్టలేదు. వయసు 35నా 38నా అని అనుమానం వచ్చిన ఫారంలో, పదిహేనో ఏట మగ్గం ఎక్కానని, ఇరవై ఏళ్లుగా నేస్తున్నానని కిందే ఉంది, కాబట్టి 35 అని తీసుకుని, ఎలా తేల్చానో పక్కన నోట్ పెట్టాను. పడుగు, పేక, కండె లాంటి రోజూ వచ్చే మాటల్లో ఒక అక్షరం చెరిగితే గుర్తు పెట్టకుండానే పూర్తి చేశాను, అక్కడ వేరే మాట పట్టే వీలే లేదు.

శాసనాలు అచ్చువేసేవాళ్లు కూడా సందేహం ఉన్న అక్షరాల్ని చదరపు బ్రాకెట్లలోనే పెడతారు కాబట్టి ఎగ్జామినర్‌కి ఇది వింతగా అనిపించదనుకుంటున్నా. 1931 నాటి లైడెన్ పద్ధతిలో అయితే అక్షరం కింద చుక్క పెట్టాలి. తెలుగులో చుక్క పెడితే ఒత్తుల్లో కలిసిపోతోంది, కొన్ని ఫాంట్లలో అసలు సరైన చోట పడటమే లేదు. అందుకే బ్రాకెట్లకి వచ్చాను.

మీరు చెప్పిన గజిబిజి తగ్గించడానికి రెండు పనులు చేస్తాను. గుర్తుల వివరణ ఇప్పుడు చివర్లో ఉంది, దాన్ని అనుబంధం మొదటి పేజీకి తెస్తాను. పొడుగు నోట్లని పేజీ అడుగుకి దించుతాను. 23, 41 ఫారాల స్కాన్లు దీనికి జత చేశాను, కొంచెం పెద్దది చేసి చూడండి. మీ కంటికి 41లో మాట స్పష్టంగా కనిపిస్తే చెప్పండి, మీరు ఏ గీతని బట్టి చదివారో నోట్‌లో రాసి బ్రాకెట్ తీసేస్తాను.

శుక్రవారం బైండింగ్‌కి ఇవ్వాలి, గురువారం మధ్యాహ్నం లోపు ఒక మాట చెబితే చాలు మేడం.

శ్రావణి