కాళ్లు గుంజుతున్నయా (డైరీ పేజీ, దాంట్లోంచి వచ్చిన పాట)

2023 జూన్ 12, సోమవారం
దిల్‌సుఖ్‌నగర్, హాస్టల్

ఈరోజు ఉద్యోగంలో చేరాను. అమీర్‌పేటలో చీరల షాపు, రెండో అంతస్తు. మెట్రోలో నిలబడే వెళ్లాను. మూసీ దాటేటప్పుడు కిందికి చూద్దామనుకుంటే అందరి భుజాలే అడ్డం. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను, ఏరు ఎప్పుడు దాటిపోయిందో తెలియలేదు.

షాపులో మొదట చెప్పిన మాట, కూర్చోవద్దని. స్టూళ్లు ఉన్నాయి, అవి కస్టమర్లకు. సీనియర్ అక్క మడత నేర్పించింది. అంచు మీద అంచు సరిగ్గా ఆనాలి, కొంగు పైకి రావాలి, చివరికి అరచేత్తో ఒత్తి లోపలి గాలి పోగొట్టాలి. గాలి ఉంటే ర్యాకులో చీర జారుతుంది. పొద్దంతా అదే పని, విప్పడం, మడవడం.

మధ్యాహ్నం ఒక పెద్దావిడ పోచంపల్లి చూపించమంది. ఒక చీర తీసి పరిచాను. ఎర్ర నేల మీద తెల్ల గడులు. గడి అంచు కత్తిరించినట్టు ఉండదు, రంగు కొంచెం పక్కకు పాకుతుంది. దారానికి బిగించి చిటికి కట్టిన చోట రంగు దిగక తెల్లగా మిగిలేవే ఆ గడులు. చీర తిరగేసి వెనక కూడా చూపించాను, ముందెట్లుందో వెనకా అట్లనే ఉంది. నాయిన నేసిందే అనను, అట్లాంటిదే. ధర చీటీ మీద 14,500. నాయినకు ఒక చీరకు ఎంత మజూరీ చేతికొస్తుందో నాకు తెలుసు కాబట్టి ఆ చీటీ ఇంకోసారి చదివాను.

"మిషన్‌దా ఇది?" అంది ఆవిడ. "కాదమ్మా, మనిషి నేసింది. ముందు దారానికి రంగేసి తర్వాత నేస్తారు" అన్నాను. గొంతు గట్టిగానే వచ్చింది, సూపర్‌వైజర్ ఇటు తిరిగి చూశాడు. ఆవిడ కొనలేదు. మళ్లీ మడత పెట్టాను.

రాత్రి నాయిన ఫోన్ చేశాడు. "తిన్నవా బిడ్డా? కాళ్లు గుంజుతున్నయా?" లేదన్నాను. వెనక మగ్గం చప్పుడు వినిపించలేదు. అడిగితే నూలు ఇంకా రాలేదన్నాడు.

* * *

వదినా, పేజీ ఉన్నదున్నట్టు పైన రాశాను. కింద పాట ఉంది. నువ్వు పాడతానన్నావు కాబట్టి ఏది ఎందుకు ఉంచానో, ఏది ఎందుకు తీసేశానో చెబుతాను. నీకు నచ్చని చోట మార్చు.

డైరీ పొద్దున మొదలై రాత్రికి ముగుస్తుంది. పాటను రాత్రి నుంచి మొదలుపెట్టాను. రోజంతా జరిగిన వాటిలో నాయిన అడిగిన ఆ ఒక్క మాటే చెవిలో నిలిచింది. పైగా పల్లవి ప్రతి చరణం తర్వాతా మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా అర్థం కొంచెం పెరగాలి. మొదటిసారి అది నా కాళ్ల గురించి. చీర చరణం అయ్యాక అదే మాట పాడితే మగ్గం గుంటలో కాళ్లు పెట్టి తొక్కే నాయిన గుర్తొస్తాడు. నేను నిలబడి చేసే పనీ, ఆయన తొక్కి చేసే పనీ ఒకే చీర కోసమేనని నాకు షాపులో తట్టలేదు, ఈ మాటను రెండుసార్లు రాసుకున్నాక తట్టింది.

తాళం కోసం వెతకాల్సిన పని పడలేదు. కాళ్లు – గుంజు – తున్న – యా. చేత్తో తట్టి చూడు, మూడేసి మాత్రలు వాటంతటవే పడతాయి, చివరి "యా" మీద కాసేపు ఆగవచ్చు. మన గుంట మగ్గం కూడా మూడు పనులే చేస్తుంది కదా: తొక్కడం, పోగుతో నాడె విసరడం, ఆ పోగు దగ్గరికి పడేట్టు పలక కొట్టడం. అందుకే పాటంతా తిస్రంలోనే ఉంచాను. డప్పు వద్దు. చేతి చప్పట్లు చాలు, పలక కొట్టే చోట కొంచెం గట్టిగా.

ధర పాటలో పెట్టలేదు. 14,500 అని పాడితే వినేవాళ్లు లెక్కలోకి వెళ్లిపోతారు, చీర దగ్గర ఉండరు. సూపర్‌వైజర్ చూపు కూడా తీసేశాను. అది నా టెన్షన్, పాటకు పనికిరాదు. స్టూలు మాత్రం ఉంచాను, ఎందుకంటే అది లేకపోతే కాళ్లు ఎందుకు గుంజుతాయో తెలియదు. "మనిషి నేసింది" అన్న మాట మాత్రం తప్పకుండా ఉండాలి. ఆ రోజు నేను నోరు తెరిచి గర్వంగా చెప్పింది అదొక్కటే.

భాష మనం ఇంట్లో మాట్లాడుకునేదే. పుస్తకం మాటలు పెడితే నాయిన "ఎవరిది ఈ పాట" అని అడుగుతాడు.

*పల్లవి*
కాళ్లు గుంజుతున్నయా – అడిగినావు నాయినా
మడత విప్పి చూపుతుంటె – మగ్గ గుంటలోన నువ్వు
నిలిచి నేను ఇక్కడా – తొక్కి నువ్వు అక్కడా
కాళ్లు గుంజుతున్నయా – అడిగినావు నాయినా

*మొదటి చరణం*
రెండు వైపులా భుజాలు – రైలు కింద మూసి ఏరు
చూడకుండ దాటినాను – చేత కడ్డి పట్టినాను
స్టూలు ఉంది పక్కనే – కూచొనొద్దు అన్నరే
అంచు మీద అంచు పెట్టి – గాలి పోను ఒత్తి ఒత్తి
|| కాళ్లు గుంజుతున్నయా ||

*రెండో చరణం*
ఎర్ర నేల మీద తెల్ల – గడుల అంచు పాకుతుంటె
చిటికి కట్టినట్టి చోటు – చిన్ననాటి నుంచి ఎరుక
మిషనుదేన అన్నదమ్మ – మనిషిదంటి గట్టిగాను
కొనక లేచి పోయెనమ్మ – మడత మళ్ల పెట్టుకుంటి
|| కాళ్లు గుంజుతున్నయా ||

*చివర (చప్పట్లు ఆపి, గొంతుతోనే)*
నూలు రాక మగ్గమాగె – ఫోనులోన చప్పుడాగె
తొక్కకుంటె నీకు గూడ – కాళ్లు గుంజుతున్నయా
కాళ్లు గుంజుతున్నయా – అడుగుతున్న నాయినా

చివరి పల్లవిలో "అడిగినావు" పోయి "అడుగుతున్న" వచ్చింది, అక్కడ తడబడకు. ఇప్పుడు అడిగేది నేను. ఆ రోజు ఫోన్‌లో నూలు సంగతి విని "సరే" అని పెట్టేశాను, తిరిగి ఈ మాట అడగలేదు. వచ్చే ఆదివారం గట్టుప్పల్ వస్తాను. అప్పటికి నూలు దిగితే మగ్గం దగ్గరే పాడదాం, పలక చప్పుడుకు నీ గొంతు సరిగ్గా అందుతుందో లేదో తెలుస్తుంది.